ప్లేస్‌మెంట్ స్లిప్: నీటిమట్టం మొదటి పేజీలోనే

కొత్త నిర్మాణానికి బీమా కుదర్చాలంటే బ్రోకరు ముందుగా తయారుచేసేది ఒక చిన్న పత్రం. ఎవరు కట్టిస్తున్నారు, ఎవరు కడుతున్నారు, ఎక్కడ, ఎంత విలువ, ఎన్నాళ్లు, ఏయే నష్టాలకు రక్షణ కావాలి, ప్రతి నష్టంలో మొదటి ముక్క ఎంతవరకు తామే భరిస్తారు అన్న వివరాలను మూడు నాలుగు పేజీల్లోకి కుదించి అయిదారు బీమా కంపెనీలకు పంపుతాడు. రేటు అడిగేటప్పుడు దాన్ని క్వోట్ స్లిప్ అంటారు. రేటూ షరతులూ కుదిరాక, ఎవరి వాటా ఎంతో రాయించుకుని ముద్ర వేయించుకునేటప్పుడు అదే ప్లేస్‌మెంట్ స్లిప్ అవుతుంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది దీన్ని ప్రాజెక్టును గొప్పగా చూపించే కాగితమనుకుంటారు. ఈ అధ్యాయంలో నేను వాదించేది దానికి పూర్తిగా ఎదురు. స్లిప్పులో యజమానికి ఏ వాక్యం ఇబ్బందిగా తోస్తుందో, నష్టం జరిగిన రోజున ఆయనకు ఎక్కువ పనికొచ్చేది అదే. దాన్ని అనుబంధాల అడుగున పెట్టకుండా మొదటి పేజీలోనే, అన్ని కంపెనీలకూ ఒకే మాటల్లో, తేదీతో సహా చెప్పాలి.

మాట గాల్లో తేలకుండా ఒక ప్రాజెక్టును ఊహించుకుందాం. విజయవాడలో బుడమేరుకు కిలోమీటరు లోపు దూరంలో ఒక ఆసుపత్రి భవనం. కింద రెండు సెల్లార్లు, పైన ఎనిమిది అంతస్తులు. తవ్వకం లోతు ఏడున్నర మీటర్లు. తూర్పు వైపు హద్దుకు మూడు మీటర్లలో పాత రెండంతస్తుల ఇల్లు ఉంది, పిల్లర్లు లేకుండా గోడల మీదే నిలబడింది. నిర్మాణ కాలం 30 నెలలు, ఆ తర్వాత ఏడాది మెయింటెనెన్స్. ఇక్కడ తీసుకోవలసింది కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ, అందరూ సీఏఆర్ అనేది. దాని మొదటి భాగం కడుతున్న పనికి జరిగే నష్టానికి, రెండో భాగం ఆ పని వల్ల బయటివారికి జరిగే నష్టానికి. బ్రోకరు చేతికి యజమాని ఇచ్చినవి కాంట్రాక్టు ఒప్పందం, డ్రాయింగులు, పనుల బార్ చార్టు, మట్టి పరీక్ష రిపోర్టు, వీటితోపాటు నిగనిగలాడే బ్రోషరు. బ్రోషరును పక్కన పెట్టేయవచ్చు. దాన్నుంచి స్లిప్పులోకి రావలసిన వాక్యం ఒక్కటీ ఉండదు.

అండర్‌రైటర్ ఈ స్లిప్పును ఎలా చదువుతాడో తెలిస్తే దేనికి ముందు చోటివ్వాలో తెలుస్తుంది. మన దేశంలో ఇంజనీరింగ్ బీమా రేట్లు చాలాకాలం టారిఫ్ ప్రకారమే నడిచాయి. కంపెనీ ఏదైనా రేటు ఒకటే కాబట్టి అప్పట్లో స్లిప్పు ఎలా రాసినా పెద్ద తేడా పడేది కాదు. 2007 జనవరి 1 నుంచి టారిఫ్ రేట్ల కట్టడి పోయింది. ఇప్పుడు రేటు, ఎక్సెస్, ఎంత వాటా తీసుకోవాలన్నది ఆ కంపెనీ అండర్‌రైటర్ అంచనా మీద ఆధారపడుతున్నాయి. ఆయన మనసులో ఉండే ప్రశ్న ఒకటే: ఈ పనికి అన్నిటికంటే చెడ్డ రోజు ఏది, ఆ రోజున ఎంత పోతుంది? పైన చెప్పిన ఆసుపత్రికి ఆ చెడ్డ రోజు ఎనిమిదో అంతస్తు స్లాబు వేసేనాడు రాదు. సెల్లార్ గొయ్యి తెరిచి ఉండగా వానాకాలం వచ్చినప్పుడు ఒకటి, పని చివరికొచ్చి జనరేటర్లూ కరెంటు ప్యానెళ్లూ సెల్లార్‌లో బిగించాక మళ్లీ వరద వచ్చినప్పుడు ఒకటి. ఆ రెండు రోజుల గురించి స్లిప్పు ఏం చెబుతోందని ఆయన వెతుకుతాడు. ఏమీ చెప్పకపోతే తన ఊహతో నింపుకుంటాడు, ఆ ఊహ ఎప్పుడూ చవకగా ఉండదు.

ఇప్పుడు నీటిమట్టం దగ్గరికి వద్దాం. మట్టి పరీక్ష రిపోర్టులో బోరుగుంతల పట్టికకు కింద చిన్న అక్షరాల్లో ఒక వరుస ఉంటుంది: భూగర్భ జలం ఎంత లోతున తగిలిందో. మన ఉదాహరణలో అది ఆరు మీటర్లు అనుకుందాం. బ్రోకరు స్లిప్పులో ‘నీటిమట్టం 6 మీ.’ అని రాస్తే ఆ మాట అబద్ధం కాదు, కానీ అండర్‌రైటర్‌కు అది చెప్పేది చాలా తక్కువ. బోరు వేసిన నెల మే అయితే ఆ ఆరు మీటర్లు ఎండాకాలపు లెక్క. అదే గుంతలో అక్టోబరులో చూస్తే రెండున్నర మీటర్లకే నీరు ఉండవచ్చు. ఏడున్నర మీటర్ల గొయ్యికి మొదటి లెక్క ప్రకారం అడుగున మీటరున్నర నీరు తోడితే చాలు, రెండో లెక్క ప్రకారం అయిదు మీటర్ల నీటి ఒత్తిడిని ఆపుతూ రాత్రింబగళ్లు పంపులు నడపాలి. పంపులు ఎన్ని, కరెంటు పోతే జనరేటర్ ఉందా, గోతి అంచులు కూలకుండా వేసిన పైళ్ల గోడ లోతు ఎంత, ఖాళీ సెల్లార్ పెట్టె నీటి మీద పైకి తేలకుండా ఏ దశవరకు తోడుతూ ఉండాలి అన్న ప్రశ్నలన్నీ ఆ ఒక్క అంకెను పట్టుకుని వస్తాయి. కాబట్టి స్లిప్పులో రాయవలసిన పద్ధతి ఇది: ‘మే నెలలో వేసిన నాలుగు బోర్లలో నీరు 6 మీటర్ల లోతున తగిలింది. వానాకాలపు కొలత తీయలేదు. డీవాటరింగ్ డిజైన్ 2.5 మీటర్ల మట్టానికి చేశారు.’ లేదు అని చెప్పే ఆ మధ్య వాక్యం చదవడానికి బాగోదు. కానీ అది ఉంటేనే మూడో వాక్యానికి విలువ వస్తుంది.

వరద చరిత్ర విషయంలోనూ ఇంతే. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో కురిసిన వానలకు బుడమేరు గట్లకు గండ్లు పడి విజయవాడలో సింగ్ నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహం నమోదైంది. ఇవి దేశమంతా చూసిన సంగతులు. ఆ ప్రాంతంలో కట్టే భవనానికి ‘స్థలంలో వరద ముప్పు లేదు’ అని ఒక్క ముక్కలో రాసిన స్లిప్పు ముంబైలో కూర్చున్న అండర్‌రైటర్‌ను కూడా నమ్మించలేదు. పైగా ఆ ఒక్క వాక్యం చూశాక మిగతా స్లిప్పు మీద కూడా నమ్మకం సడలుతుంది. దాని బదులు స్థలంలో ఆ సెప్టెంబరులో నీరు ఎంత ఎత్తున నిలిచింది, పక్క గోడ మీద మరక ఏ మట్టంలో ఉంది, సెల్లార్ ర్యాంపు మొదలయ్యే చోట గట్టు దానికంటే ఎంత ఎత్తు వస్తుంది అన్నవి రాయాలి. మరకను టేపుతో కొలవడానికి సైటు ఇంజనీరుకు పావుగంట చాలు. ఆ కొలత మాత్రం కంపెనీ పంపే రిస్క్ ఇంజనీరు ప్రశ్నల్లో సగానికి జవాబు చెప్పేస్తుంది.

ఇక్కడ యజమాని నుంచి వచ్చే అభ్యంతరం ఎవరైనా ఊహించగలిగిందే: ‘ఇవన్నీ మనమే చెప్పుకుంటే రేటు పెంచరా?’ పెంచవచ్చు. వరదకు ఎక్సెస్ పది లక్షల బదులు పాతిక లక్షలు అడగవచ్చు, ఒకటి రెండు కంపెనీలు వద్దనవచ్చు కూడా. దాన్ని కాదనడం నిజాయతీ కాదు. కానీ బేరీజు వేయవలసింది చెబితే పడే రేటునూ చెప్పకపోతే పడే రేటునూ కాదు. చెప్పి కొన్న పాలసీకి, చెప్పకుండా కొన్న పాలసీకి నష్టం నాడు ఉండే విలువలను పక్కపక్కన పెట్టాలి. బీమా ఒప్పందం పరమ విశ్వాసం మీద నిలబడేది. రిస్కు తీసుకోవాలా వద్దా, ఎంత ధరకు అన్న నిర్ణయాన్ని మార్చగల వాస్తవం దాచితే కంపెనీ ఒప్పందాన్నే కాదనే వీలుంది, ఈ సూత్రాన్ని మన న్యాయస్థానాలు ఎన్నోసార్లు నిలబెట్టాయి. 1996లో ఎం.కె.జె. కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు ఈ బాధ్యత రెండు పక్షాలకూ ఉందని కూడా చెప్పింది. అంటే మీరు చెప్పినదాన్ని చదివి, అంగీకరించి, ప్రీమియం తీసుకున్న కంపెనీకి తర్వాత ‘మాకు తెలియదు’ అనే దారి మూసుకుపోతుంది. పాతిక లక్షల ఎక్సెస్ ముందే తెలిసిన ఖర్చు, దాన్ని బడ్జెట్లో వేసుకోవచ్చు. క్లెయిము మొత్తం తిరస్కరణకు గురైతే అది ఏ బడ్జెట్‌లోనూ పట్టదు.

రేటు తగ్గించుకునే అసలు దారి వేరే ఉంది, అది కూడా దాచని స్లిప్పుకే దొరుకుతుంది. బార్ చార్టు తీసి చూడండి. తవ్వకం డిసెంబరులో మొదలై, ఏప్రిల్‌కు రాఫ్ట్ కాంక్రీటు పూర్తయి, జూన్ చివరికి గోడలు లేచి గ్రౌండ్ స్లాబు పడిపోతే, గొయ్యి తెరిచి ఉండే కాలం చాలావరకు పొడి నెలలే. వరద ముప్పున్న స్థలానికి ఇంతకంటే మంచి మాట మరొకటి లేదు. కానీ ఈ మంచి మాటకు బలం రావాలంటే ముందు చెడ్డ మాట చెప్పి ఉండాలి. వరద ఊసే ఎత్తని స్లిప్పులో ‘జూన్‌కు గ్రౌండ్ స్లాబు’ అన్నది మామూలు తేదీగా మిగిలిపోతుంది, అదే ముప్పు పక్కన రాస్తే రక్షణ చర్యగా కనిపిస్తుంది. దానికి ఇంకో వాక్యం కూడా చేర్చాలి: పని రెండు నెలలు ఆలస్యమైతే ఏం చేస్తారు? జూన్ ఒకటికి రాఫ్ట్ పూర్తికాకపోతే తూర్పు సగం తవ్వకం ఆపి, వానలయ్యాక మొదలుపెడతాం అని కాంట్రాక్టరు రాసివ్వగలిగితే అండర్‌రైటర్ లెక్క మారుతుంది. రాసివ్వలేకపోతే ఆ సంగతి యజమానికే ముందు తెలియడం మంచిది. ఒక హెచ్చరిక మాత్రం చేయాలి: ఆచరించలేని జాగ్రత్తను స్లిప్పులో పెట్టవద్దు. కొన్ని పాలసీల్లో వాన, వరదల షరతు ఇరవై ఏళ్ల వాతావరణ లెక్కల ప్రకారం రక్షణ చర్యలు తీసుకుని ఉంటేనే క్లెయిము చెల్లిస్తామంటుంది. అలాంటి షరతు కింద నాలుగు పంపులని రాసి సైటులో రెండే ఉంచితే, స్లిప్పే మీ మీద సాక్ష్యం చెబుతుంది.

బీమా మొత్తం దగ్గర జరిగే పొరపాటు వేరే రకం. ఇక్కడ ఎవరూ దేన్నీ దాచాలనుకోరు, వర్క్ ఆర్డరులో ఉన్న అంకెను ఎత్తి స్లిప్పులో వేస్తారంతే. మన ఆసుపత్రికి కాంట్రాక్టరుతో కుదిరిన మొత్తం పన్నులతో కలిపి 90 కోట్లు. కానీ ఉక్కు, సిమెంటు యజమానే కొని సైటుకు దించుతున్నాడు. వాటి విలువ 24 కోట్లు, వాటి మీద పన్నులు, రవాణా ఇంకో 6 కోట్లు. సీఏఆర్ పాలసీ అడిగేది పని పూర్తయ్యేనాటికి మొత్తం విలువ, యజమాని ఇచ్చే సరుకు, రవాణా, పన్నులతో సహా. అంటే 120 కోట్లు. 90 రాసి పాలసీ తీసుకున్నారనుకుందాం. కట్టిన సెల్లార్ గోడ కూలి నాలుగు కోట్ల నష్టం వచ్చింది. గోడలో ఉన్న ఉక్కు, సిమెంటు ఎవరు కొన్నారని గోడ చెప్పదు కదా. సర్వేయర్ అసలు విలువను 120గా తేల్చి, రాసిన విలువ అందులో మూడొంతులేనని క్లెయిములోనూ మూడొంతులే లెక్క కడతాడు. నాలుగు కోట్లలో మూడు కోట్లు, అందులోంచి మళ్లీ ఎక్సెస్ పోతుంది. మిగిలిన కోటి యజమాని జేబులోంచే. స్లిప్పులో ఒక్క అంకెకు బదులు మూడు వరుసల్లో ఆ 120 ఎలా వచ్చిందో చూపిస్తే ఈ నష్టం ఉండదు. పని సాగేకొద్దీ ధరలు పెరిగే అవకాశం ఉంటే ఎస్కలేషన్ క్లాజు ఎంత శాతానికి కావాలో కూడా అక్కడే అడగాలి.

తూర్పు వైపు పాత ఇంటి సంగతి చూద్దాం. రెండో భాగం బయటివారి నష్టానికి అని చెప్పుకున్నాం కాబట్టి ఆ ఇల్లు పడిపోతే పాలసీ చూసుకుంటుందని అనిపిస్తుంది. మామూలుగా చూసుకోదు. పని వల్ల పుట్టే అదురుకు, పక్క కట్టడానికి ఉన్న నేల ఆధారం బలహీనపడటానికి సంబంధించిన నష్టం విడిగా ఎండార్స్‌మెంట్ తీసుకుంటేనే వస్తుంది. ఆ ఎండార్స్‌మెంట్ ప్రామాణిక రూపంలో కూడా కట్టడం పూర్తిగానో కొంతగానో కూలితేనే పరిహారం ఉంటుంది, గోడల్లో చిన్న పగుళ్లకు ఉండదు. పైగా పని మొదలయ్యే ముందే ఆ ఇంటి స్థితి మీద రిపోర్టు తయారుచేయించాలి, ఇల్లు గట్టిగా ఉండి ఉండాలి. అందుకే స్లిప్పులో ‘చుట్టుపక్కల నివాస భవనాలు’ అని రాసి వదిలేయడం పనికిరాదు. ఎన్ని మీటర్ల దూరం, ఎన్ని అంతస్తులు, ఏ రకం నిర్మాణం, ఇప్పటికే ఉన్న పగుళ్ల ఫొటోలు ఏ తేదీన తీశారు అన్నవి కావాలి. ‘తూర్పు ఇంటి వంటగది గోడలో కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు, వెడల్పు 3 మి.మీ., తవ్వకానికి ముందు నుంచి ఉంది’ అన్నంత దగ్గరగా రాసిన రిపోర్టు అనుబంధంగా జతచేస్తే, రేపు ఆ పగులు మీ పని వల్లే వచ్చిందన్న వాదనకు కూడా అదే జవాబు.

రెండో అభ్యంతరం కొంచెం తెలివైనది. ‘మట్టి రిపోర్టు, డ్రాయింగులు, వరద లెక్కలు అన్నీ జతచేసి పంపుతున్నాం. మూడువందల పేజీలూ వాళ్ల దగ్గరే ఉన్నాయి. మళ్లీ మొదటి పేజీలో రాయడమెందుకు?’ దీనికి జవాబు బ్రిటన్ అనుభవంలో దొరుకుతుంది. అక్కడ 2016 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన 2015 బీమా చట్టం, బీమా కోరేవాడు రిస్కును న్యాయంగా ముందుంచాలని చెబుతూ, అలా చెప్పే తీరు కూడా వివేకం గల అండర్‌రైటర్‌కు స్పష్టంగా, సులభంగా అందేలా ఉండాలంది. ఉన్నదంతా గుట్టగా పోసి ‘అందులోనే ఉంది’ అనడాన్ని అరికట్టాలన్నది ఆ మాట వెనుక ఉద్దేశం. మన చట్టంలో అదే వాక్యం లేకపోయినా కారణం ఇక్కడికీ వర్తిస్తుంది. ఒక అండర్‌రైటర్ టేబుల్ మీద ఒకేసారి ఎన్నో స్లిప్పులుంటాయి. 214వ పేజీలో ఉన్న నీటిమట్టాన్ని చదివి ఉండాల్సిందని వాదించడం కన్నా, చదివి ముద్ర వేశాడని చూపించడం వెయ్యి రెట్లు తేలిక. అనుబంధాలు వద్దని కాదు. స్లిప్పులోని ప్రతి కీలక వాక్యం పక్కన అది ఏ అనుబంధం, ఏ పేజీ నుంచి వచ్చిందో రాస్తే సారాంశం చిన్నగానే ఉంటుంది, ఆధారమూ దొరుకుతుంది. ఏది కీలకమని తేల్చుకోవడానికి ఒకే కొలమానం వాడండి: ఈ వాస్తవం తెలిస్తే రేటు, ఎక్సెస్, వాటా, అంగీకారం ఈ నాలుగింటిలో ఏదైనా మారుతుందా? మారితే స్లిప్పులోకి, మారకపోతే అనుబంధంలోకి. ఆర్కిటెక్టుకు వచ్చిన అవార్డులకు రెండు చోట్లా చోటు లేదు.

మూడో అభ్యంతరం అనుభవజ్ఞుల నుంచే వస్తుంది: ‘స్లిప్పు తాత్కాలికం. నెల తిరిగేసరికి పాలసీ పుస్తకం వస్తుంది, షరతులన్నీ అందులో ఉంటాయి.’ ఈ నమ్మకం ఎంత ఖరీదైనదో న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ కేసు చూపించింది. అది నిర్మాణ బీమా కాదు, ఆస్తి బీమా, కానీ స్లిప్పుల సంగతిలో అంతకంటే పెద్ద పాఠం లేదు. 2001 జులైలో లారీ సిల్వర్‌స్టీన్ ఆ టవర్లను 99 ఏళ్లకు లీజుకు తీసుకున్నారు. ఒక్కో సంఘటనకు సుమారు మూడున్నర బిలియన్ డాలర్ల బీమాను ఆయన బ్రోకరు సంస్థ విల్లిస్ పలు కంపెనీల మధ్య పంచి కుదిర్చింది. సెప్టెంబరు 11 నాటికి కంపెనీలు వాటాలకు కట్టుబడ్డాయి గాని చాలావరకు పూర్తి పాలసీలు ఇంకా జారీ కాలేదు. రెండు విమానాలు ఢీకొట్టడం ఒక సంఘటనా, రెండా? బ్రోకరు తిప్పిన విల్‌ప్రాప్ అనే నమూనాలో సంఘటన అంటే ఏమిటో నిర్వచనం ఉంది, ట్రావెలర్స్ కంపెనీ నమూనాలో లేదు. ఏ కంపెనీ ఏ నమూనాను మనసులో పెట్టుకుని ఒప్పుకుందో తేల్చడానికి కోర్టులకు ఏళ్లు పట్టింది. 2004లో ఒక జ్యూరీ ఎక్కువ కంపెనీలు విల్‌ప్రాప్‌కే కట్టుబడ్డాయని, అంటే ఒకే సంఘటన అని తేల్చింది. అదే ఏడాది చివర ఇంకో జ్యూరీ తొమ్మిది కంపెనీల విషయంలో రెండు సంఘటనలని చెప్పింది. మిగిలిన వివాదాలు 2007 దాకా సాగాయి. ఒకే నష్టం, ఒకే బ్రోకరు, అయినా కంపెనీని బట్టి వేర్వేరు ఫలితాలు.

దీన్ని విజయవాడకు తెచ్చుకుంటే లెక్క చిన్నదే, ఇబ్బంది మాత్రం అదే. సోమవారం బుడమేరు నీరు సెల్లార్‌లోకి వచ్చింది, తోడేశారు, శనివారం మళ్లీ వచ్చింది. ఎక్సెస్ పాతిక లక్షలు ఒకసారి కోయాలా, రెండుసార్లా? ఇంజనీరింగ్ బీమాలో 72 గంటల క్లాజు అని ఒకటుంది, ఆ గంటల లోపు వచ్చిన వరద నష్టమంతా ఒకే సంఘటన. సోమవారానికి, శనివారానికి మధ్య అయిదు రోజులుంది కాబట్టి దాని ప్రకారం ఇవి రెండు. యజమానికి అది నచ్చకపోతే ఎక్కువ గంటలు అడగాలి, దాని ధర కట్టాలి. నచ్చినా నచ్చకపోయినా ఒక నిర్వచనమంటూ స్లిప్పులోనే ఉండాలి. లేకపోతే నలభై శాతం వాటా ఉన్న కంపెనీ ఒకటంటుంది, పదిహేను శాతం ఉన్నది రెండంటుంది. అస్పష్టంగా వదిలేస్తే అది రాసినవాడికి వ్యతిరేకంగా చదువుతారు, బీమా కంపెనీయే నష్టపోతుంది కదా అనేవాళ్లున్నారు. కంపెనీ అచ్చువేసిన పాలసీ విషయంలో ఆ సూత్రం పనిచేయవచ్చు. స్లిప్పు రాసింది మాత్రం బ్రోకరు, బ్రోకరు ఖాతాదారుకు ప్రతినిధి. తన మనిషి రాసిన అస్పష్టతను ఎదుటివాడి నెత్తిన వేయడం అంత సులువు కాదు.

అందరికీ ఒకే మాటల్లో చెప్పాలనడానికి కూడా ఇదే కారణం. సహ బీమాలో ఒక కంపెనీ లీడర్‌గా ఉంటుంది, సాధారణంగా రేటు, షరతులు తనే తేలుస్తుంది, క్లెయిము కూడా తనే నడిపిస్తుంది. కానీ ప్రతి కంపెనీ బాధ్యత దాని వాటాకే. ఒకరి వాటాను మరొకరు పూడ్చరు. లీడర్ 40, మిగతావాళ్లు 30, 20 తీసుకుని పనివాళ్లు తవ్వకం మొదలుపెట్టేశారనుకోండి, దిక్కులేని ఆ పది శాతం యజమానిదే. నాలుగు కోట్ల నష్టంలో నలభై లక్షలు. కాబట్టి నూరు శాతం నిండే దాకా ‘ప్లేస్‌మెంట్ అయిపోయింది’ అన్న మాట బ్రోకరు నోటి నుంచి రాకూడదు. నూరు నిండినా ప్రీమియం చేరందే రక్షణ మొదలు కాదు. 1938 బీమా చట్టంలోని 64వీబీ సెక్షను ముందుగా ప్రీమియం అందకుండా రిస్కు తీసుకోవద్దని కంపెనీలను కట్టడి చేస్తుంది. ముద్ర పడిన స్లిప్పు పట్టుకుని పని మొదలుపెట్టడం, వాయిదాల ప్రీమియంలో ఒక వాయిదా తప్పడం, రెండూ ఒకే గోతిలోకి దారితీస్తాయి.

ముద్రల పేజీని మిగతా స్లిప్పు కంటే శ్రద్ధగా చదవాలి. అక్కడ చేతిరాతలో చిన్నగా ‘సర్వేకు లోబడి’ అనో, ‘వరద ఎక్సెస్ 50 లక్షలు’ అనో ఒక ఫాలోయర్ రాసి ఉండవచ్చు. దాన్ని గమనించకుండా ఫైలు మూసేస్తే ఆ ఫాలోయర్ వాటా వేరే షరతుల మీద నడుస్తున్నట్టు. ఇలాంటి ప్రతి రాతనూ తేదీ వేసి, తీరాక తీరిందని అదే కంపెనీ చేత రాయించుకోవాలి. స్లిప్పు పంపాక ఏ వాస్తవం మారినా సవరణ కూడా అన్ని కంపెనీలకూ వెళ్లాలి, వద్దన్న కంపెనీలు తప్ప. మార్చిలో పంపిన స్లిప్పులో ఆరు మీటర్ల నీటిమట్టం ఉండి, ఆ తర్వాత తీసిన కొత్త కొలతను అడిగిన రెండు కంపెనీలకే పంపితే, అడగని మూడో కంపెనీ దగ్గర పాత అంకే మిగులుతుంది. సవరణకు వరుస సంఖ్య, తేదీ వేసి, ఏ పేజీలో ఏ వాక్యం బదులు ఏ వాక్యమో రాసి, అందిందన్న జవాబు ప్రతి కంపెనీ నుంచి తెప్పించుకోండి. జవాబు రాని కంపెనీ పేరు ఎదుట ఖాళీ గడి ఉన్నంతవరకు ఆ సవరణ పూర్తికానట్టే లెక్క. పని ఆగిపోతే, కాంట్రాక్టరు మారితే, నిర్మాణ కాలం 30 నెలలు దాటేలా ఉంటే, పై అంతస్తుల డిజైన్ మారితే కూడా ఇదే పద్ధతి. పాలసీ గడువు ముగియడానికి కనీసం రెండు నెలల ముందే పొడిగింపు అడగాలి, ఎందుకంటే అప్పటికి సెల్లార్‌లో ఎంత విలువైన యంత్రాలు బిగించి ఉన్నాయో, వాటిని వరద మట్టం కంటే ఎంత ఎత్తున పెట్టారో లీడర్ మళ్లీ అడుగుతాడు, ఆ కొలత తెచ్చేందుకు సైటు నుంచి మనుషులు కావాలి.